నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకండ్లు

మే పద్నాలుగున మధ్యాహ్నం రెండు దాటిన తర్వాత కొడకండ్లకూ దంతాలపల్లికీ మధ్య మంచినీళ్ల పెద్ద పైపు పగిలింది. భూమిని చీల్చుకుని లేచిన నీళ్లు ఎర్రయ్య ఇంటి వెనక గోడను పడగొట్టాయి. గోడకు ఆనుకుని మంచమేసుకుని పడుకున్న ఎర్రయ్యకు కాలు విరిగింది. నలభై మూడు ఊళ్లకు నల్లాలు ఆగిపోయాయి. ఎండలు మండిపోతున్న రోజులు. సాయంత్రానికే ఆడవాళ్లు బిందెలతో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు.

అప్పుడు ప్రియదర్శిని భూపాలపల్లిలో ఉంది. అమ్మకు కంటి ఆపరేషన్ చేయించడానికి నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లింది. ఆ నీళ్ల పథకంలో ఆమె ఇన్‌స్ట్రుమెంటేషన్ ఏఈ. పంపులు, వాల్వులు, మీటర్లు కంప్యూటర్‌తో మాట్లాడే పనంతా ఆమె బాధ్యత. వార్త తెలిసి, అమ్మ కంటికి కట్టు విప్పగానే బస్సెక్కి పదహారో తేదీ ఉదయానికి మహబూబాబాద్ చేరింది.

కంట్రోల్ రూమ్‌లో రహీం కుర్చీ ఖాళీగా ఉంది.

అన్ని పంపులనూ వాల్వులనూ ఒక్కచోట కూర్చుని తెర మీద చూస్తూ నడిపే స్కాడా ముందు రహీం పదకొండేళ్లుగా డ్యూటీ చేస్తున్నాడు. ఆపరేటర్లలో అందరికంటే పాతవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఇప్పుడతన్ని ఇంట్లో ఉండమన్నారు.

పై అధికారి ఈఈ రమాకాంత్ ఆమెను తన గదిలోకి పిలిచి ఒక ప్రింటు కాగితం ముందుకు తోశాడు. "చూడమ్మా. స్కాడా లాగ్. శుక్రవారం లోపు హైదరాబాదుకు రిపోర్టు పంపాలె. ఇండ్ల అంత సాఫ్‌గ ఉన్నది."

ఆమె చదివింది. రెండు గంటల ఆరు నిమిషాల రెండు సెకండ్లకు రహీం దంతాలపల్లి ట్యాంకు ముందున్న పెద్ద వాల్వును మూయమని ఆదేశమిచ్చాడు. ఎనిమిది నిమిషాల పది సెకండ్లకు వాల్వు పూర్తిగా మూసుకుంది. ఎనిమిది నిమిషాల ముప్పై ఒకటికి కొడకండ్ల పంప్‌హౌస్‌లో పంపులన్నీ ట్రిప్ అయి వాటంతటవే ఆగిపోయాయి. తొమ్మిది నిమిషాల ఐదు సెకండ్లకు పంప్‌హౌస్ దగ్గర పైపులో ఒత్తిడి ఒక్కసారిగా ఆకాశానికంటింది.

"పంపులు నడుస్తుండంగ వాల్వు మూసిండు. ఒత్తిడి పెరిగి పైపు పగిలింది. చిన్నపిల్లగానికి సుత అర్థమైతది" అన్నాడు రమాకాంత్.

"సార్, గీ లిస్టును నమ్మొద్దు. పంప్‌హౌస్ కంట్రోలర్ టైం వేరే, మన సర్వర్ టైం వేరే."

"మళ్ల మొదలువెట్టినవా?"

మళ్లీ అనడంలో తప్పు లేదు. ఆమె ఈ మాట చెప్పడం ఇది నాలుగోసారి. మార్చి మూడున కంట్రోల్ రూమ్‌లో కొత్త సర్వర్ పెట్టారు. దాని నెత్తిన ఉపగ్రహాల నుంచి సరైన సమయం తీసుకునే యాంటెన్నా ఉంది. దూరంగా పంపుల దగ్గర, వాల్వుల దగ్గర ఉండే చిన్న కంప్యూటర్లు, అంటే కంట్రోలర్లన్నీ నెట్‌వర్క్ ద్వారా ఆ సర్వర్‌ను అడిగి తమ గడియారాలను దిద్దుకోవాలి. వాల్వుల దగ్గరి కంట్రోలర్లకు కొత్త సర్వర్ చిరునామా ఎక్కించారు. పంప్‌హౌస్ కంట్రోలర్‌ను మాత్రం వదిలేశారు. అది తీసేసిన పాత సర్వర్‌నే అడుగుతూ, జవాబు రాక, తన సొంత గడియారంతో నడుస్తోంది. ఆ గడియారం చేతి వాచీ లాంటిదే. రోజుకు కొన్ని సెకండ్లు అటో ఇటో జరుగుతుంది. ఏ సంఘటన ఎక్కడ జరిగిందో అక్కడి కంట్రోలరే దానికి సమయం వేసి పంపుతుంది. స్కాడా ఆ సమయాల ప్రకారం వరస పేరుస్తుంది. ఒక గడియారం తప్పితే వరస మొత్తం తప్పుతుంది.

పాత సర్వర్‌లో ఇంకో గడి ఉండేది. కబురు కంట్రోల్ రూమ్‌కు చేరిన సమయం అందులో పడేది. కొత్తదాంట్లో జాగా దండగని ఆ గడిని తీసేశారు. అదైనా ఉండి ఉంటే ఇవాళ ఈ గొడవే లేకపోయేది.

ఏప్రిల్ రెండున ఆమె రాసింది: పంప్‌హౌస్ టైం సుమారు రెండు నిమిషాలు ముందుంది, తక్షణం సరిచేయాలి. స్కాడా కంపెనీ ఆ కంట్రోలర్ తమ ఒప్పందంలో లేదంది. పంపుల కంపెనీ బయటివాళ్లు చెయ్యి పెడితే తమకు బాధ్యత లేదంది. రమాకాంత్ రెండు జవాబులనూ ఫైల్లో పెట్టి "నీళ్లైతే వస్తున్నయి గదా" అన్నాడు. తర్వాత ఇంకో రెండు ఉత్తరాలు రాసింది. వాటికి ఆ మాత్రం జవాబు కూడా రాలేదు.

"ఇప్పుడే పంప్‌హౌస్‌కు పోయి తేడా ఎంతున్నదో కొలుస్త సార్. గడియారం ఇంకా అట్లనే తప్పు నడుస్తుంటది. నాలుగు నిమిషాలకు పైనే ఉండాలె."

"పో. ఎవరు వద్దన్నరు?"

మండుటెండలో జీపు కొడకండ్ల చేరేసరికి పన్నెండయింది. పంప్‌హౌస్‌లో కంట్రోలర్ ముందు నిలబడి, ఫోన్‌లో టైం పక్కన పెట్టి చూసింది. రెండూ ఒక్క సెకండు తేడా లేకుండా ఒకటే.

ఎవరో గడియారాన్ని దిద్దేశారు. బయటికొచ్చి స్కాడా కంపెనీ ఇంజనీర్ ఉమేష్‌కు ఫోన్ చేసింది.

"ఉమేష్, పంప్‌హౌస్ టైం ఎవరు మార్చిన్రు?"

"నేనే మేడం. నిన్న వచ్చిన. ఎంక్వైరీ వాళ్లు వచ్చేలోపల అన్ని నీట్‌గ పెట్టుమని మా సార్ ఫోన్ చేసిండు."

"మీ ఒప్పందంల లేదన్నరు గదా?"

"అది నాకు తెల్వదు మేడం."

"సరే. మార్చకముందు తేడా ఎంతుండె? అది చెప్పు చాలు."

"చూడలేదు మేడం. ల్యాప్‌టాప్ టైం పెట్టు అని బటన్ ఉంటది గదా, అది నొక్కిన."

"ఫోటో సుత తీయలేదా?"

"లేదు మేడం. సరిచేస్తే మీరు ఖుషీ అయితరనుకున్న."

నెలన్నర బతిమాలితే ముట్టనివాళ్లు, ముట్టకూడని రోజున ముట్టారు. ఫోన్‌ను నేలకేసి కొట్టాలనిపించింది ఆమెకు. ఉమేష్ మీద అరిచి లాభం లేదు. అతను అబద్ధం చెప్పలేదు, దాచలేదు. పోయింది ఏమిటో కూడా అతనికి తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు రహీం ఇంటికి వెళ్లింది. అతని భార్య హాజిరా బీ తలుపు తీసి, నీళ్ల గ్లాసు ఇచ్చి లోపలికి పోయింది. రహీం నులక మంచం మీద కూర్చున్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"రహీం భాయ్, ముందు ఏం జరిగింది? ఉన్నదున్నట్టు చెప్పు."

"ముందు పంపులు బంద్ అయినయి మేడం. అలారం కొట్టింది. జర సేపటికి లైన్‌ల ఒత్తిడి కిందికి పడిపోయింది. ఎక్కడో పగిలిందని సమజ్ అయింది. దంతాలపల్లి ట్యాంకు నీళ్లు సుత వాపస్ అదే దారిల పోతయని వాల్వు మూసిన. గంతే."

"తెర మీద పంపుల ట్రిప్ టైం ఎంత చూపించింది?"

"రెండు ఎనిమిది. గోడ గడియారంల రెండు నాలుగు. పంప్‌హౌస్ టైం ఎప్పుడు ముందే ఉంటది గదా మేడం, మాకు అలవాటైపోయింది. ఇంకా కాని టైం వేసుకొని అలారం వస్తే నవ్వుకునేటోళ్లం. రమాకాంత్ సార్‌కు గిదే చెప్పిన. కాగితం చూపెట్టి, నువ్వు అబద్ధం ఆడుతున్నవా, కంప్యూటర్ ఆడుతున్నదా అన్నడు."

మర్నాడు ఆమె మళ్లీ రమాకాంత్ ముందు నిలబడింది. "సార్, ఈ లిస్టుల్నే ఒకటి కుదరట్లేదు. వాల్వు మూయడం వల్లే అయితే, ముందు ఒత్తిడి పెరగాలె, తర్వాత పంపు ట్రిప్ కావాలె. ఇక్కడ పంపు ఆగిన ముప్పై నాలుగు సెకండ్లకు ఒత్తిడి పెరిగింది. ఈ రెండు పంప్‌హౌస్ గడియారం వేసినవే, వాటి మధ్య వరస నిజం. పైగా ట్రిప్‌కు కారణం వోల్టేజీ పడిపోవడం అని ఉన్నది. వాల్వు మూస్తే ఇట్లాంటి పంపు మోటారు తక్కువ కరెంటే గుంజుతది, ఎక్కువ గాదు. వోల్టేజీ ఎందుకు పడుతది?"

రమాకాంత్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పేది నాకు అర్థమైతున్నదమ్మా. హైదరాబాదుల కాగితం చూసేటోళ్లకు గీ ముచ్చట అంతా ఎవరు చెప్తరు? వాళ్లు టైం చూస్తరు. గడియారం తప్పని రుజువు చూపెట్టు. నీ ఏప్రిల్ ఉత్తరం మే పద్నాలుగుకు రుజువు కాదు."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి తల పట్టుకుని కూర్చుంది. గడియారాన్ని దిద్దేశారు. పాత తేడా ఎక్కడా రాసి లేదు. అప్పుడు ఎంత తప్పుందో ఇప్పుడు ఎలా తెలియాలి?

చాలాసేపటికి ఒక ఆలోచన తట్టింది. గడియారం పోయినా, అది వేసిన సమయాలు పోలేదు. పంప్‌హౌస్ చూసిన సంఘటననే ఇంకెవరైనా, సరైన గడియారంతో, చూసి ఉంటే చాలు. వోల్టేజీ పడింది. ఆ వోల్టేజీ వచ్చేది కొడకండ్ల సబ్‌స్టేషన్ నుంచి. అక్కడ లైనుకు కాపలా కాసే రిలే ఉంటుంది. లైను మీద ఏం జరిగినా అది సమయంతో సహా దాచుకుంటుంది.

వెంటనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఎత్తింది ఆపరేటర్ భిక్షపతి. "పద్నాలుగున రెండింటికి లైన్ పోయి వచ్చింది మేడం. బుక్కుల రెండు గంటల ఐదు నిమిషాలు అని రాసిన. చేతి లెక్క, కరెక్ట్ అనుకోకున్రి. రిలేల కరెక్ట్ ఉంటది. గని అండ్ల పదహారు రికార్డులే పడతయి. కొత్తది వస్తే పాతది పోతది. ఈ గాలిదుమారాలకు రోజూ మూడు నాలుగు పడుతున్నయి."

"ఇప్పుడే వస్త అన్నా, డౌన్‌లోడ్ చేసుకుంట."

"అట్ల కుదరది మేడం. మీది వేరే డిపార్ట్‌మెంట్. మా డీఈ సార్ కాగితం కావాలె."

డీఈ ఆఫీసు జనగామలో ఉంది. ఆమె రమాకాంత్ దగ్గర ఉత్తరం రాయించుకోవడానికి గంట పట్టింది. జనగామ చేరేసరికి సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. మూడు గంటలు బెంచీ మీద కూర్చుంది. కిటికీలోంచి పడమర వైపు మబ్బు కమ్ముకోవడం కనిపిస్తోంది. ఎక్కడో ఒక కొమ్మ లైను మీద పడితే చాలు, ఒక రికార్డు చెరిగిపోతుంది. బయటికొచ్చిన క్లర్కు "ఉత్తరం మీద తేదీ ఉన్నది, నంబర్ లేదు" అన్నాడు.

"నంబర్ రేపు పంపిస్త. ఒక మనిషి బతుకు ఇండ్ల ఉన్నది, జర సార్‌ను ఒక్క నిమిషం అడుగున్రి."

"అందరు అట్లనే అంటరు మేడం."

ఆమె అక్కడే నిలబడి రమాకాంత్‌కు ఫోన్ చేసి, నంబర్ వేయించి, ఫోటో తెప్పించి చూపించింది. ఐదు దాటాక సంతకం దొరికింది. అప్పటికి సబ్‌స్టేషన్‌లో రిలే రికార్డులు తీసే పరీక్షల ఇంజనీరు వెళ్లిపోయాడు. రేపు పదకొండింటికి రమ్మన్నారు. ఆ సాయంత్రం గాలి లేచింది. మహబూబాబాద్‌లో కరెంటు రెండుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ ఆమె ప్రాణం సబ్‌స్టేషన్‌లోనే ఉంది.

మర్నాడు భిక్షపతి ఆమెను చూస్తూనే రిలే గది తలుపు తీశాడు. "నిన్న మూడు పడ్డయి మేడం" అన్నాడు నెమ్మదిగా.

ఇంజనీర్ రికార్డుల జాబితా తెర మీదికి తెచ్చాడు. పదహారు వరసలు. పై నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ కిందికి వచ్చింది. పద్నాలుగోది, మే పద్నాలుగు, రెండు గంటల మూడు నిమిషాల నలభై మూడు సెకండ్లు. లైను ట్రిప్. కొన్ని సెకండ్లకే మళ్లీ ఎక్కింది. ఆ రోజు రెండు గంటల ఎనిమిదో నిమిషంలో ఏమీ లేదు.

ఆమె ఆ వరసను పుస్తకంలో రాసుకుంది. తర్వాత అడిగింది, "దీని టైం కరెక్టేనా?"

"ఉపగ్రహం గడియారం మేడం. చూడున్రి." ఫోన్ పక్కన పెడితే సెకండు తేడా లేదు. గడియారం సిగ్నల్ పోయినట్టు నెల రోజుల్లో ఒక్క హెచ్చరికా లేదు. ఆ పేజీ కూడా ప్రింటు తీయించుకుంది. సరిగ్గా ఉందని ఇవాళ చూపిస్తే చాలదని ఆమెకు ఈ వారంలోనే తెలిసొచ్చింది.

ఇంకా కింద రెండు పాత ట్రిప్‌లు మిగిలి ఉన్నాయి. మే పన్నెండు సాయంత్రం నాలుగు ఇరవై దాటి పదిహేను సెకండ్లు. మే తొమ్మిది పగలు పదకొండు నలభై ఏడు దాటి రెండు సెకండ్లు. ఆమె అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి స్కాడా చరిత్రలో పంప్‌హౌస్ అలారాలు వెతికింది. పన్నెండో తేదీన పంప్‌హౌస్ వేసిన సమయం నాలుగు ఇరవై నాలుగు దాటి యాభై ఐదు. తేడా రెండు వందల ఎనభై సెకండ్లు. తొమ్మిదిన పదకొండు యాభై ఒకటి దాటి ముప్పై. తేడా రెండు వందల అరవై ఎనిమిది. పద్నాలుగున రెండు వందల ఎనభై ఎనిమిది. రోజుకు నాలుగు సెకండ్ల చొప్పున పరుగెత్తింది. వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే, తేడా సున్నా అయ్యేది డెబ్బై రెండు రోజుల కింద, మార్చి మూడున. కొత్త సర్వర్ పెట్టిన రోజు. మధ్యలో ఏప్రిల్ రెండున ఆమె ఉత్తరంలో రాసిన రెండు నిమిషాలు కూడా ఆ లెక్క మీదే కూర్చుంది.

"ఏమైంది మేడం, కండ్లల్ల నీళ్లు వస్తున్నయి?" అన్నాడు భిక్షపతి.

"ఏం లేదన్నా. దుమ్ము."

నిజానికి అది సంతోషం కాదు. మొదటి రోజు పొద్దున్నే చేతికి రావాల్సిన ఒక్క లెక్క కోసం మూడు రోజులు మూడు ఊళ్లు తిరిగిన కోపం.

పంప్‌హౌస్ సమయాలన్నిటి నుంచీ నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకండ్లు తీసేసి వరసను మళ్లీ పేర్చింది. రెండు మూడు నలభై మూడుకు కరెంటు పోయి పంపులు ఆగాయి. నాలుగు నిమిషాల పదిహేడు సెకండ్లకు వెనక్కి మళ్లిన నీళ్ల అల వచ్చి కొట్టి ఒత్తిడి పెరిగింది. ఆరు నిమిషాల రెండు సెకండ్లకు రహీం వాల్వు మూయడం మొదలుపెట్టాడు. అప్పటికే పైపు పగిలి నిమిషమున్నర దాటింది. అతను మూసింది మంచిపనే.

కానీ కొత్త వరస ఇంకో ప్రశ్న వేసింది. పంపులు హఠాత్తుగా ఆగితే అల వెనక్కి వస్తుందని పైపు వేసినవాళ్లకు తెలుసు. ఆ దెబ్బను మింగడానికే పంప్‌హౌస్ పక్కన గాలి నింపిన పెద్ద ట్యాంకు పెట్టారు. మే తొమ్మిదిన, పన్నెండున కూడా పంపులు ఇలాగే ఆగాయి, పైపుకేం కాలేదు. మరి పద్నాలుగున మాత్రం ఎందుకు పగిలింది?

ఆమె సబ్‌స్టేషన్ నుంచి నేరుగా పంప్‌హౌస్‌కు వెళ్లింది. గాలి ట్యాంకు కింద, పెద్ద పైపుతో దాన్ని కలిపే వాల్వు మూసి ఉంది. చక్రానికి తాడుతో కట్టిన అట్టముక్క మీద "రిపేరు, 13-5" అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. రిపేరు అయిపోయింది. వాల్వు తెరవడం మరిచారు. ఫోటోలు తీసింది, అక్కడున్న ఆపరేటర్ సంతకం తీసుకుంది. వాల్వును మాత్రం తాకలేదు.

రమాకాంత్ ఆ కాగితాలన్నీ నిదానంగా చదివాడు. ఫోటో దగ్గర ఆగాడు. గాలి ట్యాంకు రిపేరు పూర్తయిందని పదమూడున సంతకం చేసింది ఆయనే. వెళ్లి చూడకుండా చేశాడు. ఇద్దరికీ తెలుసు.

"గిది రిపోర్టుల పెట్టాల్నా?" అన్నాడు చివరికి.

"పంపుల టైం సరిచేస్తే ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతరు సార్. నేను పెట్టకపోయినా."

"రహీం తప్పు లేదని మాత్రమే రాస్తే సరిపోదా?"

"మరి పైపు ఎందుకు పగిలింది సార్? ఎర్రయ్య కాలు ఎందుకు ఇరిగింది? మళ్ల నీళ్లు ఇడిచినంక ఇంకోసారి కరెంటు పోతే?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ఆమె వైపు చూడలేదు. ముందు పంప్‌హౌస్‌కు ఫోన్ చేసి గాలి ట్యాంకు వాల్వు తెరవమన్నాడు. తర్వాత "పెట్టు" అన్నాడు.

రిపోర్టు వెళ్లింది. పది రోజులకు జవాబు వచ్చింది. రహీంను డ్యూటీలో చేర్చుకోమన్నారు. గాలి ట్యాంకు విషయం మీద రమాకాంత్‌కు మెమో ఇచ్చారు, రిపేరు కంపెనీకి నోటీసు ఇచ్చారు. గడియారాల మాట ఒక్క వాక్యంలో ఉంది: "సమయాల్లో స్వల్ప వ్యత్యాసం గమనించడమైనది." స్వల్ప అన్న మాట దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. కంట్రోలర్ల మధ్య తేడా ఒక్క సెకండు దాటితే అలారం కొట్టాలనీ, కబురు చేరిన సమయం గడిని మళ్లీ పెట్టాలనీ ఆమె పంపిన ప్రతిపాదనకు "వచ్చే ఏడాది పరిశీలించవచ్చు" అని రాశారు.

రహీం డ్యూటీకి వచ్చిన మొదటి రోజు ఆమె టేబుల్ దగ్గర నిలబడ్డాడు. "మేడం, ఎర్రయ్యను దవాఖానల చూసొచ్చిన. వాల్వు మూసినోడివి నువ్వేనా అని అడిగిండు. ఊర్ల అందరు ఇంకా అట్లనే అనుకుంటున్నరట."

"మరి నువ్వేం చెప్పినవ్?"

"నాలుగు నిమిషాల ముచ్చట చెప్పిన. ఆయనకు సమజ్ కాలేదు." రహీం తన కుర్చీ వైపు నడిచాడు.

ప్రియదర్శిని ల్యాప్‌టాప్ సంచి భుజానికేసుకుని జీపు దగ్గరికి వెళ్లింది. ఉమేష్ చేత్తో దిద్దిన గడియారం ఇంకా పాత సర్వర్‌నే అడుగుతోంది. ఈ రెండు వారాల్లోనే యాభై సెకండ్లకు పైగా జరిగి ఉంటుంది. పంప్‌హౌస్‌లో కంట్రోలర్‌కు వైరు తగిలించి, ముందు తేడాను ఫోటో తీసింది. పుస్తకంలో రాసి, అక్కడి ఆపరేటర్‌తో సంతకం పెట్టించింది. తర్వాత కొత్త సర్వర్ చిరునామా కొట్టింది. నిమిషంలోపే గడియారం దానంతట అదే సరయింది.

రెండు నిమిషాల పని. ఫోన్ మోగింది. పంపుల కంపెనీ వాళ్లు.

"మేడం, మా కంట్రోలర్‌ను ఎవరో ముట్టినట్టు ఇక్కడ కనవడుతున్నది. ఎవరి పర్మిషన్‌తోని?"

"నా పేరు రాసుకోన్రి" అంది ఆమె. "టైం సుత రాసుకోన్రి. ఇప్పుడు కరెక్టే ఉన్నది."